జత చేయడానికి చోటు లేని ఉత్తరం

ఆదాయపు పన్ను రిటర్నులో ఏదో ఆదాయం వదిలేశామని ఆలస్యంగా తెలిసినవాళ్లు సాధారణంగా చేసే పని, 'ఇది కావాలని చేసింది కాదండీ' అంటూ ఒక ఉత్తరం సిద్ధం చేసుకోవడం. తర్వాత ఆ ఉత్తరాన్ని ఎక్కడ అప్‌లోడ్ చేయాలా అని పోర్టల్ మొత్తం గాలిస్తారు. అలాంటి బటన్ అక్కడ లేదు. మామూలు వ్యక్తులు వేసే రిటర్నుకు ఏ కాగితమూ జత చేయకూడదని మన దేశంలో నిబంధనే ఉంది. ఫారం 16 గానీ, బ్యాంకు స్టేట్‌మెంటు గానీ, పన్ను కట్టిన చలానా గానీ పంపక్కర్లేదు. అన్నీ మన దగ్గరే ఉంచుకుని అడిగిన రోజున చూపించాలి. సవరించిన రిటర్ను, అంటే అందరూ అనే రివైజ్డ్ రిటర్ను, ఏ సెక్షన్ కింద వేస్తున్నారని అడుగుతుంది. పాత రిటర్ను అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు, తేదీ అడుగుతుంది. ఎందుకు సవరిస్తున్నారని మాత్రం అడగదు.

అడగనిదానికి జవాబెందుకు రాయాలని అనిపించడం సహజమే. ఇవాళ అడిగేది కంప్యూటరు, రేపు అడిగేది మనిషి కావచ్చు. ఆ మనిషి చేతిలో సెక్షన్ 270ఎ ఉంటుంది. ఆదాయం తక్కువ చూపించారని తేలితే, ఆ తక్కువ చూపిన ఆదాయంపై పడే పన్నులో సగం జరిమానా వేయవచ్చని అది చెబుతుంది. నిజాన్ని దాచిపెట్టారని తేలితే జరిమానా ఆ పన్నుకు రెండింతలు. అదే సెక్షన్‌లో ఆరో ఉపవిభాగం ఒక మినహాయింపు కూడా ఇస్తోంది. పన్ను చెల్లింపుదారు ఇచ్చిన వివరణ నిజాయతీగా ఉందని అధికారికి నమ్మకం కలిగి, ఆ వివరణను నిలబెట్టే ముఖ్య విషయాలన్నీ ఆయన ముందు పెట్టి ఉంటే, ఆ మేరకు ఆదాయాన్ని తక్కువ చూపిన లెక్కలోకి తీసుకోరు. ఉత్తరంలో ఉండవలసినవి ఆ రెండే. ఎందుకు జరిగిందో ఒక వివరణ, దాన్ని నిలబెట్టే వాస్తవాలు. క్షమాపణలకూ, 'నేను చట్టాన్ని గౌరవించే పౌరుణ్ణి' వంటి వాక్యాలకూ అందులో పని లేదు.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. మనిషి కల్పితం, చట్టమూ రేట్లూ నిజం.

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2024-25 ఆర్థిక సంవత్సరంలో ఆయన జీతం 14,75,000 రూపాయలు. కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 14,00,000 పన్ను పడే ఆదాయం. దానిపై సెస్సుతో కలిపి పన్ను 1,24,800. కంపెనీ ఆ మొత్తాన్ని జీతంలోంచే కోసి కట్టేసింది. 2025 ఆగస్టు 28న ఆయన ఐటీఆర్-1 వేశారు. కట్టాల్సింది సున్నా, రావాల్సింది సున్నా. పది నిమిషాల్లో పని అయిపోయింది.

ఆ ఏడాది శని ఆదివారాల్లో ఆయన ఇంకో పని కూడా చేశారు. ఊళ్లోనే ఉన్న ఒక చిన్న కంపెనీకి మొబైల్ యాప్ రాసిచ్చారు. బిల్లు 2,20,000 రూపాయలు. అందులో పది శాతం, అంటే 22,000, సెక్షన్ 194జె కింద టీడీఎస్‌గా పట్టుకుని మిగిలిన 1,98,000 ఖాతాలో వేశారు. విదేశంలో ఉన్న ఒక క్లయింటుకు కూడా పని చేసి రెండు విడతల్లో 1,40,000 అందుకున్నారు. దాని మీద టీడీఎస్ లేదు. అది ఆయన పెద్దగా వాడని ఇంకో బ్యాంకు ఖాతాలో పడింది.

నవంబరు 8న ఇంటి లోను కోసం రెండు బ్యాంకుల స్టేట్‌మెంట్లూ తీస్తుంటే విషయం బయటపడింది. పోర్టల్‌లో ఫారం 26ఎఎస్ తెరిస్తే 22,000 టీడీఎస్ అక్కడ కనిపిస్తూనే ఉంది. వార్షిక సమాచార నివేదికలో, అంటే ఏఐఎస్‌లో, 2,20,000 ఉంది. విదేశీ క్లయింటు ఇచ్చిన 1,40,000 మాత్రం రెండింటిలోనూ లేదు.

ఈ రెండు మొత్తాలూ ఒకేలా కనిపిస్తాయి గానీ ఉత్తరం దృష్టితో చూస్తే వాటి బరువు వేరు. మొదటిది శాఖకు ముందే తెలుసు. దాన్ని మనం ఇప్పుడు చెప్పడం గొప్పేమీ కాదు, చెప్పకపోతేనే ఆశ్చర్యం. రెండోది శాఖ దగ్గర లేదు. మనం చెబితేనే తెలుస్తుంది. ఏఐఎస్ చూసుకుని అందులో ఉన్నంతవరకే కలిపి సవరిస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు తక్కువేం లేరు. అలా సవరించి 'నా ఆదాయమంతా ఇప్పుడు చూపించాను' అని ఉత్తరంలో రాస్తే, ఆ ఉత్తరమే తర్వాత మన మీద సాక్ష్యమవుతుంది. నా మట్టుకు ఉత్తరం మొత్తానికీ విలువ తెచ్చే వాక్యం ఒక్కటే: 'ఈ 1,40,000 రూపాయలు ఏఐఎస్‌లో లేవు, నా బ్యాంకు స్టేట్‌మెంటు చూసి నేనే గుర్తించి కలిపాను.' కావాలని దాచేవాడు రాసే వాక్యం కాదది.

ఇక రిటర్ను సంగతి. ఫ్రీలాన్స్ పని ద్వారా వచ్చింది వృత్తి ఆదాయం. వృత్తి ఆదాయం ఉన్నవాళ్లు ఐటీఆర్-1 వేయకూడదు. అయినా చాలామంది ఫారం మార్చడం ఎందుకని దాన్ని 'ఇతర ఆదాయం' గళ్లో వేసి మళ్లీ ఐటీఆర్-1నే పంపుతారు. అటువైపు 194జె కింద టీడీఎస్ కనిపిస్తుంటుంది కాబట్టి ఒక తప్పు దిద్దబోయి ఇంకో తప్పు చేసినట్టవుతుంది. రివైజ్డ్ రిటర్నులో ఫారం మార్చుకోవచ్చు. ఐటీఆర్-1 వేసినవాళ్లు సవరణలో ఐటీఆర్-4కో ఐటీఆర్-3కో వెళ్లవచ్చు.

మన ఉద్యోగికి ఐటీఆర్-4 సరిపోతుంది. సెక్షన్ 44ఎడిఎ ప్రకారం కొన్ని వృత్తులవాళ్లు, ఏడాది రాబడి 50 లక్షల లోపు ఉంటే, ఖర్చుల లెక్క చూపకుండా రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపవచ్చు. నిజంగా అంతకంటే ఎక్కువ మిగిలిందని మీరే చూపదలిస్తే ఆ ఎక్కువను చూపవచ్చు. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, సాంకేతిక సలహాదారులు, ఐటీ వృత్తివాళ్లు ఈ జాబితాలో ఉన్నారు. ట్యూషన్లు చెప్పేవాళ్లూ, పుస్తకాలు అనువదించేవాళ్లూ లేరు. మీరు చేసిన పని జాబితాలో ఉందో లేదో చూసుకోకుండా సగం చూపిస్తే సవరణకు ఇంకో సవరణ అవసరమవుతుంది.

రాబడి దగ్గర ఇంకో పొరపాటు దొర్లుతుంటుంది. బ్యాంకులో పడింది 1,98,000 కాబట్టి అదే రాస్తారు. రాయవలసింది బిల్లు మొత్తం 2,20,000. కోసుకున్న 22,000 కూడా మన ఆదాయమే, మన పేరు మీద ప్రభుత్వానికి ముందే కట్టిన పన్ను. అందుకే దాన్ని ఆదాయంలో కలిపి పన్నులో తగ్గించుకుంటాం.

మొత్తం రాబడి 3,60,000. అందులో సగం 1,80,000. జీతం తాలూకు 14,00,000కు దీన్ని కలిపితే 15,80,000. దానిపై సెస్సుతో పన్ను 1,70,560. ముందు లెక్క కంటే 45,760 ఎక్కువ. అందులోంచి 22,000 టీడీఎస్ తీసేస్తే కట్టవలసింది 23,760.

ఇది పదివేలు దాటింది కాబట్టి ముందస్తు పన్ను కట్టి ఉండాల్సింది. 44ఎడిఎ కింద చూపేవాళ్లకు నాలుగు వాయిదాలు లేవు, మార్చి 15 లోపు ఒకేసారి కట్టాలి. కట్టలేదు కనుక సెక్షన్ 234సి కింద ఒక శాతం, అంటే 237 రూపాయలు. సెక్షన్ 234బి కింద ఏప్రిల్ నుంచి కట్టిన నెల వరకు నెలకు ఒక శాతం. నవంబరులో కడితే ఎనిమిది నెలలు, 1,896 రూపాయలు. అన్నీ కలిపి పదికి సర్దితే 25,890. మొదటి రిటర్నును గడువులోగానే వేశారు కాబట్టి సవరణకు ఆలస్య రుసుము లేదు.

దీన్ని నవంబరు 12న సెల్ఫ్ అసెస్‌మెంట్ టాక్స్ కింద కట్టి, 14న రివైజ్డ్ రిటర్ను వేశారనుకుందాం. ఆ అసెస్‌మెంట్ సంవత్సరానికి సవరణ గడువు 2025 డిసెంబరు 31. అది దాటితే మిగిలేది ఐటీఆర్-యు ఒక్కటే. అందులో పన్నూ వడ్డీ కలిపిన మొత్తంపై మరో పాతిక శాతం అదనంగా కట్టాలి. మన ఉద్యోగి ఫిబ్రవరిలో వేసి ఉంటే ఆ అదనమే ఆరువేల ఆరువందల పైచిలుకు అయ్యేది. మరో తేడా ఏమిటంటే, ఐటీఆర్-యు ఫారం 'ఎందుకు' అని అడుగుతుంది. కానీ జవాబు మన మాటల్లో రాయనివ్వదు, ఇచ్చిన కారణాల్లోంచి ఎంచుకోమంటుంది.

పాత పన్ను విధానంలో ఐటీఆర్-1 వేసినవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. జీతం ఒక్కటే ఉన్నవాళ్లు రిటర్నులోనే పాత విధానాన్ని ఎంచుకోవచ్చు. వృత్తి ఆదాయం ఉన్నవాళ్లు అందుకు రిటర్ను గడువు తేదీలోపు ఫారం 10-ఐఇఎ వేసి ఉండాలి. ఫ్రీలాన్స్ ఆదాయం ఉందని నవంబరులో తెలిసినవాడు సెప్టెంబరులోపు ఆ ఫారం వేసి ఉండడు కదా. దాంతో సవరణలో కొత్త విధానానికి మారవలసి వస్తుంది. ఇంటి అద్దె మినహాయింపూ 80సీ పొదుపులూ పోయి, కట్టవలసింది అనుకున్నదానికంటే పెరగవచ్చు. ఫ్రీలాన్స్ ఆదాయం చిన్నదే అయినా ఈ ఒక్క కారణానికి ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లడం దండగ కాదు.

రిటర్ను పంపాక ఈ-వెరిఫై చేయాలి. ముప్పై రోజుల్లో చేయకపోతే రిటర్ను చెల్లదు. పన్ను కట్టి, ఉత్తరం రాసి, ఈ ఒక్కటీ మరిచిపోతే రికార్డులో పాత రిటర్నే నిలుస్తుంది, సవరించాం అన్న ఉత్తరం అబద్ధమవుతుంది. ఆధార్ ఓటీపీతో అప్పటికప్పుడే ముగించేయడం మంచిది.

ఉత్తరం రాయాల్సింది ఇప్పుడు. ముందే రాసి పెట్టుకుంటే కుదరదు, ఎందుకంటే కొత్త రిటర్ను అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు అందులో ఉండాలి. ఆ నంబరు పంపాకే వస్తుంది. అలాగని వారం పది రోజులు ఆగకూడదు. రిటర్ను తేదీ, ఉత్తరం తేదీ ఒకటే అయితే ఆ వివరణ నోటీసు చూసి పుట్టింది కాదని తేదీయే చెబుతుంది. శాఖతో ఉత్తరప్రత్యుత్తరాలు మామూలుగా ఇంగ్లీషులో సాగుతాయి. విషయం ఏమిటో తెలియడానికి ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

'ఆదాయపు పన్ను అధికారి గారికి.

విషయం: 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరానికి సెక్షన్ 139(5) కింద వేసిన రివైజ్డ్ రిటర్నుకు వివరణ. పాన్ నంబరు (ఇక్కడ). మొదటి రిటర్ను ఐటీఆర్-1, తేదీ 28-08-2025, అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు (ఇక్కడ). రివైజ్డ్ రిటర్ను ఐటీఆర్-4, తేదీ 14-11-2025, అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు (ఇక్కడ).

నా మొదటి రిటర్నులో జీతం మాత్రమే చూపించాను. అదే సంవత్సరంలో సాఫ్ట్‌వేర్ వృత్తి పని ద్వారా నాకు 3,60,000 రూపాయలు వచ్చాయి. అవి అందులో చేరలేదు. వీటిలో 2,20,000 ఒక భారతీయ కంపెనీ ఇచ్చింది, 22,000 టీడీఎస్ పోగా 1,98,000 నా ఖాతాలో జమ అయింది. మిగిలిన 1,40,000 ఒక విదేశీ క్లయింటు నుంచి రెండు విడతల్లో వచ్చింది, దీనిపై టీడీఎస్ లేదు.

మొదటి మొత్తంపై టీడీఎస్ కోసినందున నా పన్ను బాధ్యత తీరిపోయిందని పొరపాటుగా అనుకున్నాను. రిటర్ను వేసేటప్పుడు ఫారం 16 ఒక్కటే చూసుకున్నాను, ఫారం 26ఎఎస్ చూడలేదు. అందువల్ల ఆ 22,000 టీడీఎస్‌ను కూడా క్లెయిమ్ చేయలేదు. రెండో మొత్తం నా జీతం ఖాతాలో కాక వేరే ఖాతాలో పడింది, రిటర్ను వేసే ముందు ఆ ఖాతా స్టేట్‌మెంటు తీయలేదు. 08-11-2025న గృహరుణం కోసం స్టేట్‌మెంట్లు తీసినప్పుడు రెండూ గమనించాను. 1,40,000 ఏఐఎస్‌లో లేదు, బ్యాంకు స్టేట్‌మెంటు ఆధారంగా నేనే కలిపాను.

రివైజ్డ్ రిటర్నులో సెక్షన్ 44ఎడిఎ కింద 1,80,000 ఆదాయం చూపించాను. పెరిగిన పన్ను 45,760లో టీడీఎస్ 22,000 పోగా మిగిలిన 23,760ని, సెక్షన్ 234బి, 234సి వడ్డీతో కలిపి 25,890 రూపాయలుగా 12-11-2025న చెల్లించాను. చలానా వివరాలు రిటర్నులో ఉన్నాయి.

ఈ విషయమై నేటివరకు నాకు శాఖ నుంచి నోటీసు గానీ, సందేశం గానీ రాలేదు. రెండు ఖాతాల స్టేట్‌మెంట్లు, బిల్లులు, విదేశీ జమలకు బ్యాంకు ఇచ్చిన ధ్రువపత్రాలు, చలానా నా దగ్గర ఉన్నాయి, కోరినప్పుడు సమర్పించగలను.'

సంతకం, తేదీ. అంతే, ఒక్క పేజీ.

ఇందులో రాయడానికి అన్నిటికంటే కష్టమైనది మూడో పేరా. అందరి చేతా తప్పు రాయించేదీ అదే. చాలా ఉత్తరాల్లో అక్కడ ఒకే మాట కనిపిస్తుంది: 'అనుకోకుండా మరిచిపోయాను.' రెండు లక్షల పైచిలుకు డబ్బును మనిషి మరిచిపోడు. అధికారికీ ఆ సంగతి తెలుసు. మన ఉద్యోగి మరిచిపోలేదు, టీడీఎస్‌తో పని అయిపోయిందనుకున్నాడు. చాలామంది ఇలాగే అనుకుంటారు. పది శాతం కోసేశారు కనుక ఇక బాకీ లేదని నమ్ముతారు. ముప్పై శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు ఆ పది శాతం బయానా మాత్రమే. నమ్మకం తప్పే, కానీ అది నిజంగా జరిగినది. నిజం రాస్తే దాని వెనక ఆధారం కూడా దొరుకుతుంది. తన 22,000నే క్లెయిమ్ చేసుకోకుండా వదిలేశాడన్నది ఆ ఆధారం. 'మరిచిపోయాను' అన్న మాటకు ఇలాంటి ఆధారం ఏదీ ఉండదు.

రెండు మొత్తాలకూ కారణాలు వేరైతే రెండూ విడివిడిగా చెప్పాలి. ఆడిటర్ గారి మీదకు నెట్టడం చాలామందికి చేతికందిన ఉపాయం. ఆ ఆడిటర్‌కు మీరు రెండో ఖాతా స్టేట్‌మెంటు ఇచ్చారా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఇవ్వకపోతే ఆ వాక్యం మీకే తగులుతుంది. ఒకవేళ నిజంగా డబ్బు దాచుకుందామనే అప్పుడు వదిలేసి, ఇప్పుడు భయపడి సవరిస్తున్నట్టయితే? చట్టం సవరణకు హక్కు ఇచ్చింది ఏదైనా వదిలేశామని 'కనుగొన్న'వాళ్లకు. తెలిసి దాచినవాళ్లకు ఆ రక్షణ బలహీనం. అలాంటప్పుడు కథ అల్లడం కంటే కారణం జోలికి పోకుండా అంకెలు మాత్రమే ఇవ్వడం మేలు. ఈ ఉత్తరం సంతకం చేసి ఇచ్చే వాంగ్మూలం. తెలిసి అబద్ధపు వాంగ్మూలం ఇవ్వడం అదే చట్టంలోని 277 సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ దాకా వెళ్లగల నేరం.

చివరి పేరాలో 'నోటీసు రాలేదు' అన్న వాక్యం చిన్నదే గానీ దాని విలువ ఎక్కువ. అప్పటికే శాఖ నుంచి మీ ఆదాయం తేడాగా ఉందంటూ ఎస్సెమ్మెస్సో ఈమెయిలో వచ్చి ఉంటే ఆ వాక్యం రాయకూడదు. సందేశం ఫలానా తేదీన వచ్చిందని, దాన్ని చూశాకే లెక్క సరిచూసుకున్నానని రాయాలి. వాళ్లు పంపిన సందేశం వాళ్ల రికార్డులో ఉంటుంది.

ఈ తేడా ఎంత పెద్దదో సుప్రీంకోర్టు రెండు తీర్పులు చూస్తే తెలుస్తుంది. రెండూ పాత జరిమానా సెక్షన్ కాలం నాటివే అయినా ఆలోచన ఇప్పటికీ పనికొస్తుంది. 2012లో ప్రైస్ వాటర్‌హౌస్ కూపర్స్ కేసు. ఆడిటింగ్ రంగంలో పేరున్న సంస్థ తన సొంత రిటర్నులోనే గ్రాట్యుటీ కేటాయింపును ఆదాయానికి కలపడం మరిచింది. ఆ మొత్తం మినహాయింపునకు తగదని వాళ్ల టాక్స్ ఆడిట్ నివేదికలోనే రాసి ఉంది. దాచాలనుకున్నవాళ్లు నివేదికలో రాయరు కదా, ఇది మనిషి చేసే పొరపాటని చెప్పి కోర్టు జరిమానా కొట్టేసింది. మరుసటి ఏడాది మాక్ డేటా కేసు. శాఖ పత్రాలు చూపి ప్రశ్నించాక ఆ కంపెనీ 'వివాదం వద్దు, మనశ్శాంతి కోసం' కొంత ఆదాయాన్ని ఒప్పుకుంటున్నామని చెప్పింది. స్వచ్ఛందం, మనశ్శాంతి, రాజీ లాంటి మాటలు వివరణ కిందికి రావని కోర్టు తేల్చి జరిమానాను నిలబెట్టింది.

అయినా ఇప్పటికీ నమూనా ఉత్తరాల్లో ఆ 'మనశ్శాంతి కోసం' వాక్యం ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకుంటూనే ఉన్నారు. మర్యాదగా ఉందని పెడతారు. చదివే అధికారికి అది మర్యాదలా కనిపించదు, కారణం చెప్పలేకపోయినవాడు రాసే మాటలా కనిపిస్తుంది.

ఉత్తరం రాశాక ఎవరికివ్వాలి? రిటర్నును ప్రాసెస్ చేసేది బెంగళూరులోని కేంద్రం. అక్కడికి ఉత్తరం పంపి ప్రయోజనం లేదు. మీ పాన్ ఏ వార్డు కిందికి వస్తుందో పోర్టల్‌లో చూసి, ఆ అధికారి పేరు మీద ఆయకర్ సేవా కేంద్రంలో ఇవ్వవచ్చు. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర వేయించుకుని తెచ్చుకోవాలి. ఇది తప్పనిసరి కాదు. చాలామంది ఆడిటర్లు ఉత్తరాన్ని ఫైల్లో పెట్టుకుని, ఎప్పుడైనా నోటీసు వస్తే పోర్టల్‌లోని ఈ-ప్రొసీడింగ్స్‌లో జవాబుతో పాటు అప్‌లోడ్ చేయమంటారు. నిద్రపోయేదాన్ని లేపడం ఎందుకన్నది వాళ్ల వాదన. నాకు అది అంతగా నచ్చదు. లేపే పని ఉత్తరం చేయదు. రివైజ్డ్ రిటర్నులోని అంకెలే ఆ పని ఎప్పుడో చేసేశాయి. ముద్ర పడిన ప్రతికి ఒక ఉపయోగం ఉంది. ఆ వివరణ ఆ తేదీకే సిద్ధంగా ఉందని వాదించే పని తప్పుతుంది, కాగితమే చూపించవచ్చు. ఆఫీసుకు వెళ్లే తీరిక లేనివాళ్లు కనీసం ఉత్తరాన్ని స్కాన్ చేసి అదే రోజున తమ ఆడిటర్‌కు ఈమెయిల్ చేసి ఉంచుకుంటే తేదీకి ఏదో ఒక ఆనవాలు ఉంటుంది.

ఉద్యోగం చేస్తూ బయట పని చేసినవాళ్లకు ఇంకో భయం ఉంటుంది, ఆఫీసులో తెలుస్తుందేమోనని. కంపెనీ ఒప్పుకోని పని చేయడం వేరే తగువు, అది మీకూ మీ ఆఫీసుకూ మధ్య ఉన్న ఒప్పందానికి సంబంధించింది. పన్ను శాఖ మీ రిటర్ను నకలును మీ యజమానికి పంపదు. ఆ భయంతో ఉత్తరంలో 'ఇది వృత్తి పని కాదు, స్నేహితుడికి చేసిన సాయం' అని రాసేవాళ్లున్నారు. 194జె కింద టీడీఎస్ కోసిన సాయం ఎక్కడా ఉండదు. ఉత్తరంలో క్లయింటు పేరు రాయాల్సిన అవసరం కూడా లేదు, అడిగినప్పుడు బిల్లు చూపితే చాలు.

సవరించిన రిటర్ను కొన్ని వారాల్లో ప్రాసెస్ అయి 143(1) సమాచారం వస్తుంది. అందులో మీరు చూపిన అంకెలూ శాఖ లెక్కించిన అంకెలూ పక్కపక్కనే ఉంటాయి. వడ్డీలో పది రూపాయల తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఆదాయంలోనో, టీడీఎస్‌లోనో తేడా వస్తే మాత్రం ఉత్తరంలో రాసిన అంకెతో పోల్చి చూడాలి. ఉత్తరానికీ రిటర్నుకూ మధ్య ఒక్క అంక తప్పినా మళ్లీ వివరణ మొదలవుతుంది. బిల్లు మొత్తం ఒకచోట, బ్యాంకు మొత్తం ఇంకోచోట రాయడం వల్లే ఇది ఎక్కువగా జరుగుతుంది.

ఈ ఏడాదికి సంబంధించి మామూలు కేసుల్లో పాత ఆదాయాన్ని తిరగతోడే నోటీసు ఇవ్వడానికి శాఖకు 2029 జూన్ ఆఖరు దాకా సమయం ఉంటుంది. ముద్ర వేయించుకున్న ఉత్తరం, రెండు బ్యాంకుల స్టేట్‌మెంట్లు, బిల్లులు, చలానా, ఈ-వెరిఫై అయిన అక్నాలెడ్జ్‌మెంట్ అన్నీ ఒకే కవరులో అప్పటిదాకా ఉంచాలి. బ్యాంకు ఖాతా మూసేస్తే పాత స్టేట్‌మెంటు తెచ్చుకోవడం ఇబ్బంది, కాబట్టి ఆ రెండో ఖాతా మూసేముందే పీడీఎఫ్ తీసుకోవాలి.

ఆ విదేశీ క్లయింటు పని ఇంకా నడుస్తుంటే, 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయం కూడా నవంబరు నాటికి సగానికి పైగా వచ్చేసి ఉంటుంది. దానికి మరో ఉత్తరం రాసే అవసరం రాకూడదంటే, ఆ ఏడాది ముందస్తు పన్నును 2026 మార్చి 15లోపు కట్టేయాలి. జీతం ఇచ్చే కంపెనీకి ఈ ఆదాయం సంగతి చెప్పుకోగలిగితే వాళ్లే జీతంలోంచి ఆ పన్ను కూడా కోసుకోవచ్చు, చట్టంలో ఆ వీలుంది. చెప్పుకోలేని వాళ్లకు మార్చి 15 చలానాయే దారి.